జడ్చర్లా, నార్కట్‌పల్లా, రెండూనా: దక్షిణ తెలంగాణలో గోదాముల లెక్క

యాసంగి వరి పొట్ట దశలో ఉండగా బోరు మోటారు కాలిపోతే రైతు చేతిలో ఉండే గడువు రెండు మూడు రోజులు. రీవైండింగ్ షాపులో అప్పటికే పది మోటార్లు వరుసలో ఉంటే కొత్తది కొనడం తప్ప దారి లేదు. డీలరు దగ్గర అడిగిన కంపెనీ మోటారు ఉంటే అదే కొంటాడు. రేపు హైదరాబాద్ నుంచి వస్తుందని చెబితే పక్క దుకాణంలో ఉన్న మరో కంపెనీ మోటారును ట్రాలీ ఆటోలో వేసుకుని పొలానికి వెళ్లిపోతాడు. మోటారు అమ్మే సంస్థకు ఈ నష్టం ఏ ఖాతాలోనూ కనిపించదు. కిరాయి బిల్లులు, గోదాము అద్దె, బ్యాంకు వడ్డీ కళ్ల ముందుంటాయి. అందుకే గోదాములు ఎన్ని ఉండాలన్న నిర్ణయం చాలాసార్లు కనిపించే ఖర్చుల మీదే జరిగిపోతుంది.

నల్గొండ, పాలమూరు ప్రాంతాలకు సరుకు పంపే సంస్థలను ఈ ప్రశ్న దాదాపు పదేళ్లుగా వెంటాడుతోంది. అంతకుముందు దానికి జవాబు పన్ను చట్టమే చెప్పేది. రాష్ట్రం దాటి అమ్మితే 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను పడేది. సొంత గోదాముకు సరుకు బదిలీ చేసి అక్కడి నుంచి అమ్మితే ఆ పన్ను ఉండేది కాదు. అందుకని పెద్ద సంస్థలు అవసరం ఉన్నా లేకున్నా రాష్ట్రానికొక డిపో పెట్టుకునేవి. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక కోదాడ దాటి జగ్గయ్యపేటకు, అలంపూర్ చౌరస్తా దాటి కర్నూలుకు పంపే సరుకు కూడా అంతర్రాష్ట్ర అమ్మకమైంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ కారణం పోయింది. డిపో ఎక్కడ ఉండాలో, ఎన్ని ఉండాలో తేల్చే పని మళ్లీ దూరం, నిల్వ, గిరాకీల చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఎక్కువ సంస్థలు చిన్న డిపోలు మూసి పెద్ద గోదాము వైపు మొగ్గాయి. ఆ మొగ్గుకు ఆధారంగా చూపే లెక్క ఒకటుంది. అది తప్పు కాదు, కానీ ఈ ప్రాంతానికి యథాతథంగా వర్తించదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూడాలి.

ఉదాహరణలోని సంస్థ, దాని ధరలు, కిరాయిలు లెక్క కోసం ఊహించినవి. ఊళ్లు, దారులు, దూరాలు నిజమైనవి. ఈ సంస్థ కోయంబత్తూరు నుంచి 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు సెట్లు తెప్పించి నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల పట్టణాల్లోని డీలర్లకు ఇస్తుంది. సెట్టు ధర 20,000 రూపాయలు, బరువు దాదాపు 50 కిలోలు. ఒక్కో పట్టణంలో వారానికి సగటున 20 సెట్లు పోతాయి. అంటే ఆరింటికీ కలిపి వారానికి 120, ఏడాదికి 6,240. ఫ్యాక్టరీకి ఆర్డరు పెట్టిన నాటి నుంచి సరుకు దిగేదాకా నాలుగు వారాలు పడుతుంది. సంస్థ ముందు మూడు దారులున్నాయి: హైదరాబాద్ శివార్లలో ఒకే గోదాము; జడ్చర్లలో ఒకటి, నార్కట్‌పల్లిలో ఒకటి చొప్పున రెండు; లేదా పట్టణానికొకటి చొప్పున ఆరు.

వర్గమూలం చెప్పేది

గోదాములో ఉండే సరుకు రెండు రకాలు. మొదటిది లారీ దిగినప్పుడు వచ్చి, తర్వాతి లారీ దాకా కొద్దికొద్దిగా తరిగే నిల్వ. రెండోది ముందుజాగ్రత్త నిల్వ. అనుకున్నదానికంటే ఎక్కువ అమ్ముడైతే సరుకు లేదని చెప్పాల్సి రాకుండా పక్కన పెట్టుకునేది ఇదే. పెద్ద గోదాముకు అనుకూలంగా చెప్పే వాదన ప్రధానంగా ఈ రెండో రకం గురించి.

ఒక పట్టణంలో వారం అమ్మకం అంచనాకు అటూ ఇటూ 8 సెట్ల మేర ఊగుతుందనుకుందాం. నాలుగు వారాల వ్యవధిలో ఆ ఊగిసలాట నాలుగు రెట్లు కాదు, నాలుగు వర్గమూలమంత, అంటే రెండు రెట్లు పెరిగి 16 అవుతుంది. నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే దానికి 1.65 రెట్లు, అంటే సుమారు 26 సెట్లు అదనంగా ఉంచాలి. ఆరు పట్టణాల్లో విడివిడిగా ఉంచితే మొత్తం 158.

అన్నింటినీ ఒకే చోట ఉంచితే? నల్గొండలో అనుకున్నదానికంటే ఎక్కువ పోయిన వారమే గద్వాలలో తక్కువ పోవచ్చు. ఒకచోట మిగిలింది మరోచోటి కొరత తీరుస్తుంది. అప్పుడు కావలసిన నిల్వ ఆరు రెట్లు కాకుండా ఆరు వర్గమూలమంత, అంటే దాదాపు 2.45 రెట్లే. 158కి బదులు 65 చాలు. డేవిడ్ మైస్టర్ 1976లో ఒక పత్రంలో చర్చించిన ఈ సూత్రం వర్గమూల నియమం పేరుతో వ్యాపించి, నేటికీ గోదాములు తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లందరి చేతిలో ఉంటుంది. 93 సెట్లు తగ్గాయంటే 18 లక్షల 60 వేల రూపాయల పెట్టుబడి ఖాళీ అయినట్టే. బ్యాంకు వడ్డీ, బీమా, పాత మోడళ్లు మిగిలిపోయే నష్టం అన్నీ కలిపి ఏడాదికి 18 శాతం వేసుకుంటే సుమారు 3 లక్షల 35 వేలు మిగులుతాయి.

లెక్క ఇక్కడితో ఆగిపోతే ఒక్క గోదామే మంచిదనిపిస్తుంది. కానీ సూత్రం వెనుక ఒక షరతుంది. ఆరు పట్టణాల్లో గిరాకీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగాలి. దక్షిణ తెలంగాణలో బోరు మోటార్ల గిరాకీ అలా ఊగదు.

మిర్యాలగూడ పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ, గద్వాలకు జూరాల, నాగర్‌కర్నూల్‌కు కల్వకుర్తి ఎత్తిపోతల, నల్గొండకు సాగర్ జలాశయం నుంచే ఎత్తిపోసే ఏఎంఆర్ ప్రాజెక్టు ఆధారం. ఇవన్నీ కృష్ణా నీళ్లే. ఎగువ నుంచి వరద సరిగ్గా రాని ఏడాది ఈ కాలువలన్నీ ఒకేసారి చిన్నబోతాయి. కాలువ రాకపోతే బోర్లు ఎక్కువ గంటలు నడుస్తాయి, భూగర్భ జలం దిగిపోతుంది, నీళ్లు అందక మోటార్లు కాలతాయి, కొందరు బోరు ఇంకా లోతుకు దించి పెద్ద మోటారు వేస్తారు. శ్రీరాంసాగర్ రెండో దశ ద్వారా గోదావరి నీళ్లు అందే సూర్యాపేట వైపు కొంత వేరుగా ఉంటుంది గానీ, మిగతా ప్రాంతమంతా ఒకే నది మీద వేలాడుతోంది. మిర్యాలగూడలో కొరత వచ్చిన వారమే గద్వాలలోనూ కొరత వస్తే, ఒకదాని మిగులు మరొకదానికి అందే వీలే ఉండదు.

ఈ పరస్పర సంబంధాన్ని మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా కొలుస్తారు. సున్నా అయితే ఏ సంబంధమూ లేదు, ఒకటి అయితే అన్నీ కలిసే ఊగుతాయి. మధ్యస్థంగా 0.5 వేసి పై లెక్కను మళ్లీ చేస్తే చిత్రం మారిపోతుంది. ఆరు గోదాములకు 158 సెట్లు మారవు. ఒకే గోదాముకు మాత్రం 65 కాదు, 121 కావాలి. జడ్చర్ల, నార్కట్‌పల్లి రెండింటికీ కలిపి 129 కావాలి.

మొత్తం లెక్కలో అన్నిటికంటే విలువైన సంగతి ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఆరు నుంచి రెండుకు తగ్గితే 29 సెట్లు మిగులుతాయి. రెండు నుంచి ఒకటికి తగ్గితే మిగిలేది ఎనిమిదే. వాటి విలువ లక్షా 60 వేలు, వాటిని ఉంచుకునే ఖర్చు ఏడాదికి 29 వేల రూపాయలు. సంబంధం లేదనుకుని చేసిన లెక్కలో ఇదే అడుగుకు 27 సెట్లు మిగిలినట్టు కనిపిస్తుంది. నియమాన్ని కళ్లు మూసుకుని నమ్మితే లాభం మూడు రెట్లకు పైగా పెద్దదిగా తోస్తుందన్నమాట.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. మార్చిలో అమ్మకాలు పెరగడం ఊగిసలాట కాదు. అది ప్రతి ఏడాదీ తెలిసిందే. పన్నెండు నెలల అమ్మకాలను నేరుగా తీసుకుని ఊగిసలాట లెక్కిస్తే సీజన్ కూడా అందులో కలిసిపోయి, ముందుజాగ్రత్త నిల్వ అనవసరంగా పెరుగుతుంది. పట్టణాల మధ్య సంబంధం కూడా ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. ఆ వారానికి ముందుగా వేసిన అంచనాకూ, నిజంగా అమ్మిన సంఖ్యకూ మధ్య తేడానే తీసుకోవాలి. అయిదారేళ్ల అమ్మకాల వివరాలు ఉన్న సంస్థ ఏదైనా సాధారణ స్ప్రెడ్‌షీట్‌లో పట్టణానికొక వరుస పెట్టి ఈ తేడాల మధ్య సంబంధాన్ని చూసుకోవచ్చు. ఆ అంకె 0.2 దగ్గర తేలితే ఒక్క గోదాము వాదనకు బలముంది. 0.5 దాటితే నిల్వ తగ్గుతుందన్న పేరుతో రెండో గోదామును మూయడంలో అర్థం లేదు.

లారీ నిండడమా, సగం రావడమా

రవాణా ఖర్చును చాలామంది ఒకే ముద్దగా చూస్తారు. నిజానికి దానికి రెండు భాగాలున్నాయి, అవి ఎదురెదురు దిశల్లో లాగుతాయి. గోదాములు పెరిగే కొద్దీ గోదాము నుంచి డీలరు దాకా దూరం తగ్గి ఆ కిరాయి తగ్గుతుంది. ఫ్యాక్టరీ నుంచి గోదాము దాకా వచ్చే లారీలు మాత్రం నిండవు.

15 టన్నుల లారీలో 300 సెట్లు పడతాయి. కోయంబత్తూరు నుంచి నిండు లారీకి 60 వేలు కిరాయి అనుకుంటే సెట్టుకు 200 రూపాయలు. ఆరు పట్టణాలకూ కలిపి వారానికి 120 సెట్లు కాబట్టి రెండున్నర వారాలకొక లారీ నిండుతుంది. పట్టణానికొక గోదాము పెడితే ఒక్కోదానికి లారీ నిండాలంటే 15 వారాల సరుకు ఒకేసారి తెప్పించాలి. లేదా పార్ట్ లోడులో పంపాలి. పార్ట్ లోడుకు కిలోకు రెట్టింపు పడుతుందనుకుంటే సెట్టుకు మరో 200 చొప్పున ఏడాదికి పన్నెండున్నర లక్షలు పెరుగుతాయి. అద్దె, ఇద్దరు మనుషుల జీతం, కరెంటు, కంప్యూటర్ అన్నీ కలిపి చిన్న గోదాముకు ఏడాదికి మూడున్నర లక్షలు వేసినా, రెండు గోదాములతో పోలిస్తే ఆ పద్దులో మరికొన్ని లక్షలు ఎక్కువే తేలతాయి. పట్టణంలోనే సరుకు దొరికితే డీలరు తానే వచ్చి తీసుకెళతాడు, నిజమే. అలా మిగిలే కిరాయి నాలుగున్నర లక్షలకు మించదు. ఈ సరుకుకు ఆరు గోదాముల ఆలోచనను ఇక్కడే వదిలేయవచ్చు.

అసలు పోటీ ఒకటికీ రెండుకూ మధ్యనే. హైదరాబాద్ శివార్ల నుంచి ఆరు పట్టణాలకు దూరాలు చూస్తే నల్గొండ, మహబూబ్‌నగర్ చెరి వంద కిలోమీటర్ల చుట్టుపక్కల, గద్వాల దాదాపు 190, మిగతావి ఆ మధ్యలో. సగటున 130 అనుకోవచ్చు. జడ్చర్ల, నార్కట్‌పల్లి నుంచైతే సగటు 50. మినీ లారీలో 30 సెట్లు వేసి, రానుపోను కిలోమీటరుకు 20 రూపాయల చొప్పున లెక్కిస్తే హైదరాబాద్ నుంచి సెట్టుకు 173 రూపాయలు, రెండు గోదాముల నుంచి 67 పడతాయి. ఏడాది మొత్తానికి తేడా సుమారు 6 లక్షల 60 వేలు.

కోయంబత్తూరు లారీ ప్రయాణించే దారి కూడా చూడాలి. అది బెంగళూరు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కర్నూలు దాటి తెలంగాణలోకి వస్తుంది. ఎర్రవల్లి చౌరస్తా వద్ద గద్వాలకు ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో సాగిపోయి, జడ్చర్లను దాటుకుని హైదరాబాద్ చేరుతుంది. ఒక్క గోదాము పద్ధతిలో అదే సరుకు మళ్లీ చిన్న బండిలోకి ఎక్కి, వచ్చిన దారినే 190 కిలోమీటర్లు వెనక్కి దిగుతుంది. ఉత్తరం నుంచి వచ్చే సరుకైతే హైదరాబాద్‌లో ఆగడం సహజం. దక్షిణం నుంచి వచ్చేదానికి అది ఒకే దారిని రెండుసార్లు కొలవడమే.

జడ్చర్ల, నార్కట్‌పల్లి పద్ధతికీ ఒక చిక్కుంది. రెండు గోదాములూ విడివిడిగా నిండు లారీలు తెప్పించుకుంటే ఒక్కోదానికి లారీ సరుకు అయిదు వారాలు వస్తుంది. లారీకీ లారీకీ మధ్య ఉండే సగటు నిల్వ 150 సెట్ల నుంచి 300కు పెరుగుతుంది. అదనపు 150 సెట్ల విలువ 30 లక్షలు, ఏడాదికి 5 లక్షల 40 వేల ఖర్చు. ముందుజాగ్రత్త నిల్వ గురించి అంత చర్చ జరిగాక, అసలు బరువు ఈ మొదటి రకం నిల్వలో ఉందని తేలడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. దీనికి విరుగుడు ఉంది. ఒకే లారీ జడ్చర్లలో సగం దించి, ఔటర్ రింగు రోడ్డు మీదుగా నార్కట్‌పల్లి వెళ్లి మిగతా సగం దించాలి. అదనపు దూరానికి, రెండో చోటి హమాలీకి, ఆగిన సమయానికి కలిపి లారీకి 6 వేలు ఇచ్చినా, ఏడాదికి 21 లారీలకు అయ్యేది లక్షా పాతిక వేలే. లోడు ఎక్కించేటప్పుడు జడ్చర్ల సరుకు తలుపు వైపు, నార్కట్‌పల్లి సరుకు లోపలి వైపు పెట్టించడం మరిచిపోతే మాత్రం మొదటి చోటనే మొత్తం దించి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. కాగితం మీద లాభంగా కనిపించిన ఈ పద్ధతి ఆచరణలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

గోదాములను పటం మీద పెట్టేవాళ్లు తరచుగా వాడే మరో పద్ధతి గురించి కూడా చెప్పుకోవాలి. ఊళ్ల అక్షాంశ రేఖాంశాలను గిరాకీ బరువుతో సగటు కట్టి మధ్యబిందువు కనుక్కోవడం ఆ పద్ధతి. ఈ ఆరు పట్టణాలకు ఆ బిందువు కల్వకుర్తి, దేవరకొండల మధ్య, దేవరకొండకు కాస్త పడమరగా పడుతుంది. చూడటానికి న్యాయంగా ఉంటుంది. కానీ అక్కడి నుంచి గద్వాల 150 కిలోమీటర్ల పైమాటే, సూర్యాపేట కూడా దగ్గర కాదు. పట్టణాలు తూర్పున మూడు, పడమర మూడుగా రెండు గుంపులై ఉన్నప్పుడు మధ్యబిందువు రెండు గుంపులకూ దూరమవుతుంది. పైగా అది 44వ రహదారి మీదా లేదు, విజయవాడ వెళ్లే 65వ రహదారి మీదా లేదు. ఫ్యాక్టరీ లారీ అక్కడి దాకా పక్కకు రావాలి, దించాక తిరుగు లోడు దొరకడం కష్టం. తిరుగు లోడు లేదంటే డ్రైవరు ఖాళీగా వెళ్లే కిరాయి కూడా ముందే కలిపి అడుగుతాడు. సగటు కట్టే సూత్రానికి ఇవేవీ తెలియవు.

తేల్చేది ఎవరూ రాయని అంకె

ఇప్పుడు ఒకటి నుంచి రెండుకు వెళితే ఏమవుతుందో కూడవచ్చు. ముందుజాగ్రత్త నిల్వకు 29 వేలు, లారీ రెండుచోట్ల దించడానికి లక్షా పాతిక వేలు, ఒక గోదాము అదనంగా నడపడానికి 6 లక్షలు పెరుగుతాయి. డీలర్లకు పంపే కిరాయిలో 6 లక్షల 60 వేలు తగ్గుతుంది. నికరంగా రెండు గోదాముల పద్ధతికి ఏడాదికి 94 వేల రూపాయలు ఎక్కువ ఖర్చు. పన్నెండు కోట్లకు పైబడిన వ్యాపారంలో ఈ తేడా లెక్కలోకి రానంత చిన్నది. కిలోమీటరుకు 20కి బదులు 23 రూపాయలు అయితే చాలు, తక్కెడ రెండు గోదాముల వైపు మొగ్గుతుంది.

కాబట్టి నిల్వా, రవాణా కలిసి ఈ ప్రశ్నను తేల్చలేవు. తేల్చేది సేవ. సెట్టు మీద సంస్థకు మిగిలేది 1,500 రూపాయలు అనుకుంటే, 94 వేలు రాబట్టడానికి ఏడాదికి 63 సెట్లు ఎక్కువ అమ్మితే సరిపోతుంది. 6,240లో 63 అంటే నూటికి ఒకటి. హైదరాబాద్ నుంచి రావడం ఆలస్యమై వంద అమ్మకాల్లో ఒకటి కంటే ఎక్కువ చేజారుతుంటే రెండో గోదాము లాభమే. అంతకంటే తక్కువైతే దండగ.

ఆ ఒక్క శాతాన్ని కొలిచిన సంస్థలు అరుదు. అమ్మిన సరుకుకు బిల్లు ఉంటుంది, అమ్మలేని సరుకుకు ఏ కాగితమూ ఉండదు. కంప్యూటర్‌లో ఆర్డర్లు నెరవేర్చిన శాతం చూపే అంకె కూడా నమ్మదగింది కాదు. సరుకు లేదని ఫోనులో తెలుసుకున్న డీలరు ఆర్డరే పెట్టడు గనుక అది వందకు దగ్గరగానే కనిపిస్తుంది. నిజం తెలియాలంటే డీలరు దుకాణంలోనే, కనీసం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, రైతు అడిగి దొరకక వెళ్లిపోయిన ప్రతి మోటారునూ ఒక పుస్తకంలో రాయించాలి. తేదీ, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు, ఏ ఊరు, చివరికి ఏం కొన్నాడు అనే అయిదు గడులు చాలు. డీలరుకు రాసే తీరిక ఉండదు కాబట్టి రాసిన ప్రతి పద్దుకు కొంత ఇవ్వడం మేలు. మూడు నెలల ఆ ఖర్చు ఒక తప్పు గోదాము అద్దె కంటే చాలా తక్కువ.

పుస్తకం లేకపోయినా కొన్ని జాడలు కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి సగం కూడా నిండకుండా వెళ్లిన మినీ లారీలు వేసవిలో ఎన్ని? డీలర్లు సొంత బండి పంపి గోదాము నుంచి నేరుగా తెచ్చుకున్న సందర్భాలు ఎన్ని? గద్వాల డీలరు కర్నూలులోని మరో పంపిణీదారు దగ్గర అదే మోటారు కొంటున్నాడా? ఈ చివరిది చాలా మాట్లాడుతుంది. గద్వాలకు కర్నూలు అరవై కిలోమీటర్ల దూరమే. జీఎస్టీ వచ్చాక సరిహద్దు దాటి కొన్నా పన్ను జమ దక్కుతుంది, 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు ఉంటే సరి. సంస్థకు ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే నమోదు, కర్నూలులో గోదాము ఉంటే గద్వాలకు అక్కడి నుంచే పంపడం జడ్చర్ల కంటే మంచిది. పాత డిపోల కాలంలో గీసిన అమ్మకపు ప్రాంతాల గీతలు ఇంకా చాలా సంస్థల్లో అలాగే ఉన్నాయి. పన్ను గీత చెరిగిపోయినా, ఎవరి అమ్మకం ఎవరి లక్ష్యంలోకి వస్తుందనే గీత చెరగలేదు. గద్వాల రైతుకు మోటారు ఆలస్యమవడానికి కొన్నిచోట్ల ఇదే అసలు కారణం.

ఇంతదాకా ఒకే వస్తువు గురించి మాట్లాడుకున్నాం. అదే సంస్థ అమ్మే మిగతా సరుకుకు ఇదే జవాబు ఉండదు. ఆరు పట్టణాల్లో కలిపి ఏడాదికి పన్నెండు మాత్రమే పోయే 15 హెచ్‌పీ మోటారును రెండు చోట్ల ఉంచడం కూడా ఎక్కువే. హైదరాబాద్‌లో రెండు ఉంటే చాలు, అడిగిన రోజు ప్రత్యేకంగా బండి పంపినా నష్టం లేదు. బోరులోకి దించే పైపులు ఇందుకు విరుద్ధం. బరువు తూగకముందే లారీ నిండిపోతుంది, విలువతో పోలిస్తే కిరాయి ఎక్కువ. వాటిని ఫ్యాక్టరీ నుంచి నేరుగా పట్టణంలోని పెద్ద డీలరు ఆవరణలో దించాలి తప్ప గోదాము గుమ్మం తొక్కించకూడదు. స్టార్టర్ పెట్టెలోని కాంటాక్టరు, రిలే లాంటివి గుప్పెడంత వస్తువులు. వాటికి జిల్లాలో గోదామే అక్కర్లేదు. పొద్దున ఫోను వస్తే ఆర్టీసీ కార్గోలో వేస్తే సాయంత్రానికి నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగుతాయి. అన్ని సరుకులకూ కలిపి గోదాములు ఎన్ని అని అడిగితే వచ్చే సగటు జవాబు వీటిలో దేనికీ సరిగ్గా సరిపోదు.

రెండు గోదాములు పెట్టుకున్నాక కూడా ఒకే గోదాము లాభాన్ని కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడ వెళ్లే 167వ జాతీయ రహదారి తూర్పు పడమరలను నేరుగా కలుపుతుంది. ఒకచోట నిల్వ అడుగంటితే మరోచోటి నుంచి ఆ దారిన ఒక బండి పంపవచ్చు. ఇందుకు రెండు చోట్లా ఎన్ని ఉన్నాయో ఇద్దరికీ ఒకే తెర మీద కనబడాలి. అయితే ఇలాంటి మార్పిడి నెలకు ఒకటి రెండుసార్లు జరిగితే ఆరోగ్యం. వారం వారం జరుగుతుంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చే లారీలో వాటాలు తప్పుగా వేస్తున్నారన్నమాట. అప్పుడు సరిదిద్దాల్సింది గోదాముల సంఖ్యను కాదు, లారీ జడ్చర్లలో ఎన్ని సెట్లు దించాలన్న నిష్పత్తిని.

మూడో మార్గం కూడా ఉంది, ఈ ప్రాంతపు సీజన్‌కు అన్నిటికంటే బాగా అమరేది అదేనేమో. గిరాకీ ఎప్పుడు పెరుగుతుందో తెలుసు, ఎంత పెరుగుతుందో మాత్రమే తెలియదు. ఏడాది పొడవునా రెండో గోదాము నడపకుండా జనవరి చివర నార్కట్‌పల్లిలో నాలుగు నెలలకు షెడ్డు అద్దెకు తీసుకుని ముందుగానే సరుకు దించి, మే చివర ఖాళీ చేయవచ్చు. ఆరు లక్షల ఖర్చు రెండున్నర లక్షలకు దిగుతుంది. చేజారే అమ్మకాల్లో ఎక్కువ భాగం ఆ నాలుగు నెలల్లోనే ఉంటాయి కాబట్టి సేవ పెద్దగా తగ్గదు. ఎంత సరుకు దించాలో డిసెంబరులో సాగర్, జూరాల నీటిమట్టాలు చూసి నిర్ణయించవచ్చు. కాలువలకు యాసంగి నీళ్లు వదులుతారో లేదో, ఎన్ని తడులు ఇస్తారో అప్పటికి చాలావరకు తేలిపోయి ఉంటుంది. పట్టణాలన్నీ కలిసి ఊగడానికి కారణమైన నది, ఆ ఊపు ఎంత పెద్దదో రెండు నెలల ముందే చెప్పేస్తుంది. ఆ అంకెను ఆర్డరులోకి తీసుకుంటే అంచనాలో తప్పే తగ్గుతుంది. దానితో ముందుజాగ్రత్త నిల్వ ఒక్క గోదాములోనైనా, రెండింటిలోనైనా తగ్గుతుంది.